సైటోక్రోమ్ సి బయటికొచ్చింది, కాస్పేస్-3 బ్యాండ్ మాత్రం లేదు. ఎక్కడ పొరపాటు?

ప్రవల్లిక · సోమవారం రాత్రి 10:40

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ రెండో ఏడాది చేస్తున్నాను. మూడు వారాలుగా ఒకే బ్లాట్ దగ్గర ఆగిపోయాను. కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

రొమ్ము క్యాన్సర్ నుంచి తీసిన ఎంసీఎఫ్-7 కణాలకి 1 మైక్రోమోలార్ స్టారోస్పోరిన్ ఇచ్చి 0, 3, 6, 12 గంటలకి తీశాను. డిజిటోనిన్‌తో కణం పైపొరని మాత్రం తెరిచి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన ఉన్న ద్రవాన్ని సైటోసాల్‌గా, అడుగున ఉన్న పెల్లెట్‌ని మైటోకాండ్రియా భాగంగా వేరువేరుగా లోడ్ చేశాను. సైటోసాల్‌లో సైటోక్రోమ్ సి బ్యాండ్ 3 గంటలకి లేతగా, 6 గంటలకి చిక్కగా, 12కి ఇంకా చిక్కగా వచ్చింది. పెల్లెట్‌లో అదే వరసలో తగ్గింది. ఇంతవరకు బాగానే ఉంది.

తెగిన కాస్పేస్-3 ముక్కలు 17, 19 కిలోడాల్టన్ల దగ్గర రావాలి కదా. నాలుగు లేన్లలో ఒక్కదాంట్లోనూ లేవు. యాంటీబాడీ కొత్త వయల్ తీసి మళ్ళీ చేశాను, అంతే. అగరోజ్ జెల్‌లో డీఎన్ఏ నిచ్చెనమెట్లలా విరగాలి, అదీ రాలేదు. కణాలు మాత్రం చనిపోతున్నాయి. 24 గంటలకి ప్లేట్‌లో సగానికి పైగా ఊడిపోయి తేలుతున్నాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. మందు తగలని 0 గంట లేన్‌లోనూ సైటోసాల్‌లో సైటోక్రోమ్ సి సన్నటి గీతలా కనిపిస్తోంది.

మా గైడ్ యాంటీబాడీ పాడైందంటున్నారు. శుక్రవారం ల్యాబ్ మీటింగ్‌లో చూపించాలి. టెన్షన్‌గా ఉంది.

కిరణ్_వరంగల్ · సోమవారం రాత్రి 11:25

యాంటీబాడీ తప్పు కాకపోవచ్చు. సైటోక్రోమ్ సి బయటికి రాగానే ఆపాఫ్-1 దాన్ని పట్టుకుని ఏడు రేకుల చక్రం కడుతుంది, అక్కడ కాస్పేస్-9 మేల్కొంటుంది, అది వెళ్ళి కాస్పేస్-3ని కోస్తుంది. ఈ దారిలో అడ్డుపడేది ఎక్స్ఐఏపీ. క్యాన్సర్ కణాల్లో అది ఎక్కువగా ఉంటుంది. కాస్పేస్-9నీ, కాస్పేస్-3నీ రెంటినీ పట్టి ఉంచగలదు. మైటోకాండ్రియా నుంచి స్మాక్ కూడా వచ్చి ఎక్స్ఐఏపీని పక్కకు లాగితే తప్ప పని ముందుకి కదలదు. నా అనుమానం మీ కణాల్లో స్మాక్ చాలినంత రావడం లేదని. ఎక్స్ఐఏపీకి బ్లాట్ చేసి చూడండి.

సత్యవతి · మంగళవారం ఉదయం 6:50

కిరణ్ చెప్పిన దారి నిజమే, కానీ ఈ బ్లాట్‌కి సరిపోదు. ఎక్స్ఐఏపీ కాస్పేస్-9 దగ్గరే ఆపేస్తే కోయని కాస్పేస్-3 మొత్తంగా 35 దగ్గర అలాగే ఉండాలి. కోత మొదలయ్యాక పట్టుకుంటే 19 లేక 20 దగ్గర ఒక ముక్క నిలబడాలి. ఏ రకంగా చూసినా ఎక్కడో ఒకచోట బ్యాండ్ రావాలి.

ప్రవల్లికా, రెండు ప్రశ్నలు. నువ్వు వాడిన యాంటీబాడీ తెగిన రూపాన్ని మాత్రమే చూసేదా, మొత్తం కాస్పేస్-3ని చూసేదా? 35 దగ్గర బ్యాండ్ ఉందో లేదో నువ్వు కళ్ళారా చూశావా?

ప్రవల్లిక · మంగళవారం ఉదయం 9:15

మేడమ్, తెగిన రూపాన్ని మాత్రమే చూసేదే. సైటోక్రోమ్ సి కూడా అదే మెంబ్రేన్ మీద చూడాలని 25 కిలోడాల్టన్ల గుర్తు దగ్గర బ్లేడుతో అడ్డంగా కోసేశాను. పైముక్క ట్యూబ్యులిన్‌కి వాడాను. అంటే 35 ఉన్న భాగాన్ని కాస్పేస్-3 కోసం అసలు చూడనేలేదు.

సుబ్బారావు_రాజమండ్రి · మంగళవారం ఉదయం 10:05

అమ్మా, మధ్యలో వచ్చినందుకు ఏమీ అనుకోకండి. బీసీఎల్-2 గురించి వెతుకుతుంటే ఈ చర్చ కనబడింది. మా అన్నయ్యకి 68 ఏళ్ళు, సీఎల్ఎల్ అనే రక్త క్యాన్సర్. బీసీఎల్-2ని ఆపే వెనెటోక్లాక్స్ మొదలుపెట్టారు. మొదటివారం రోజుకి 20 మిల్లీగ్రాములే ఇచ్చి, వారం వారం పెంచుకుంటూ అయిదో వారానికి 400 చేస్తామన్నారు. రోజుకి ఒకటిన్నర, రెండు లీటర్ల నీళ్ళు తాగమన్నారు, మాటిమాటికీ రక్తం తీస్తున్నారు. మందు పనిచేసేదే అయితే మొదటిరోజే మొత్తం ఇవ్వచ్చు కదా అని మా వదిన ఆందోళన. మీరు రాసిన ఈ సైటోక్రోమ్ సి రక్తంలోకి వచ్చి కిడ్నీలని పాడుచేస్తుందనా ఈ జాగ్రత్త?

నాగమణి · మంగళవారం ఉదయం 11:30

ప్రవల్లిక గారూ, మా ల్యాబ్‌లో ఎంసీఎఫ్-7తోనే కాస్పేస్-3 కిట్ వాడాను. పసుపు రంగు వచ్చే కిట్. మందు ఇచ్చిన కణాల్లో రీడింగ్ బాగా పెరిగింది, మూడుసార్లూ అంతే. కాబట్టి ఈ కణాల్లో కాస్పేస్-3 పనిచేస్తోందనే అనుకుంటున్నాను. మీ గైడ్ గారి మాటే నిజమేమో, యాంటీబాడీ మార్చి చూడండి.

సత్యవతి · మంగళవారం మధ్యాహ్నం 1:10

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఎంసీఎఫ్-7 కణాల్లో కాస్పేస్-3 లేదు. తక్కువ ఉండటం కాదు, అసలు లేదు. దాని జన్యువులో మూడో ఎక్సాన్‌లో 47 అక్షరాలు ఊడిపోయాయి. 47ని మూడుతో భాగిస్తే మిగులు వస్తుంది కనక చదివే వరస జరిగిపోయి, మధ్యలోనే ఆగమనే గుర్తు వచ్చేస్తుంది, ప్రోటీన్ తయారవదు. ఇది 1998లోనే బయటపడింది. అప్పట్లో వాళ్ళు చూసిందీ నువ్వు చూస్తున్నదే. స్టారోస్పోరిన్ ఇస్తే కణాలు చస్తాయి, డీఎన్ఏ మాత్రం మెట్లలా విరగదు. బయటి నుంచి కాస్పేస్-3 జన్యువుని తిరిగి పెడితే మెట్లు వచ్చాయి, కణం పైన బుడగలూ వచ్చాయి.

డీఎన్ఏని కోసే ఎంజైమ్ కాడ్. మామూలుగా దాన్ని ఐకాడ్ అనే ప్రోటీన్ కట్టేసి ఉంచుతుంది. ఆ కట్టు తెంపే పని ప్రధానంగా కాస్పేస్-3ది. దాని తమ్ముడి లాంటి కాస్పేస్-7 ఈ కణాల్లో ఉంది, పార్ప్ లాంటివాటిని బాగానే కోస్తుంది, కానీ ఐకాడ్ దగ్గర దాని చేయి ఆడదు. నీ జెల్ ఖాళీగా ఉండటానికి కారణం ఇదే.

నాగమణి గారూ, మీ రీడింగ్ తప్పు కాదు, దానికి పెట్టిన పేరు తప్పు. ఆ కిట్‌లో ఉండే చిన్న పెప్టైడ్‌ని, డీఈవీడీ అనేదాన్ని, కాస్పేస్-3 కోస్తుంది, కాస్పేస్-7 కూడా కోస్తుంది. ఎవరు కోసినా రంగు ఒకటే. ఎంసీఎఫ్-7లో మీకు వచ్చిన రంగు చాలావరకు కాస్పేస్-7దే అయి ఉంటుంది.

ప్రవల్లిక ఈ రోజు చేయాల్సింది కొత్త యాంటీబాడీ కొనడం కాదు. పక్క ల్యాబ్‌లో ఎవరి దగ్గరైనా కాస్పేస్-3 ఉన్న జర్కాట్ కణాల లైసేట్ ఉంటే అడిగి తెచ్చి నీ లేన్ల పక్కన వెయ్యి. మొత్తం కాస్పేస్-3 యాంటీబాడీతో, మెంబ్రేన్ కోయకుండా చూడు. అదే బ్లాట్‌కి పార్ప్ కూడా చూడు. 116 నుంచి 89కి దిగితే కాస్పేస్ పని జరిగినట్టే.

సుబ్బారావు గారికి సాయంత్రం రాస్తాను.

కిరణ్_వరంగల్ · మంగళవారం మధ్యాహ్నం 2:40

47 అక్షరాల సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. కానీ ఒకటి అడగాలి. 3 గంటల నుంచి 12 గంటల దాకా బ్యాండ్ మెల్లగా పెరిగిందంటే సైటోక్రోమ్ సి కొద్దికొద్దిగా కారుతోందనే కదా అర్థం? బాగా కారేదాకా ఆపాఫ్ చక్రం కట్టదు. ఆలస్యానికి అదీ కారణం కావచ్చు.

సత్యవతి · మంగళవారం రాత్రి 8:20

కాదు కిరణ్. ఆ బ్యాండ్ లక్షల కణాల మొత్తం. ఒక్కో కణాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసినవాళ్ళున్నారు. 2000లో హీలా కణాల్లో సైటోక్రోమ్ సికి పచ్చగా మెరిసే ప్రోటీన్ తగిలించి చూస్తే, ఏ కణంలోనైనా విడుదల మొదలయ్యాక దాదాపు అయిదు నిమిషాల్లో మొత్తం ఖాళీ. ఏ మందు ఇచ్చినా, ఎంత ఇచ్చినా ఆ అయిదు నిమిషాలు మారలేదు. మారింది ఎప్పుడు మొదలైందన్నదే. ఒక కణం రెండో గంటలో, దాని పక్కది పదో గంటలో. పెనం మీద పేలాలు వేయించినప్పుడు ఒక్కో గింజ పేలేది క్షణంలోనే, పెనం నిండటానికి మాత్రం సమయం పడుతుంది. ప్రవల్లిక 3 గంటల లేత బ్యాండ్ అంటే అన్ని కణాలూ కాస్త కారాయని కాదు, కొన్ని కణాలు పూర్తిగా ఖాళీ అయ్యాయని.

ప్రవల్లికా, ఇక నీ 0 గంట లేన్. అది జీవశాస్త్రం కాదు, డిజిటోనిన్. కణం పైపొరలో కొలెస్టరాల్ ఎక్కువ, మైటోకాండ్రియా బయటిపొరలో తక్కువ. డిజిటోనిన్ కొలెస్టరాల్‌ని పట్టుకుంటుంది కనక తక్కువ మోతాదులో పైపొర తెరుచుకుంటుంది, మైటోకాండ్రియా చెక్కుచెదరదు. మోతాదు పెరిగినా, ఐస్ మీద ఎక్కువసేపు ఉంచినా అదీ చిరుగుతుంది. ఎంత వాడావు?

ఈ చిరుగుడుకి ఒక చరిత్ర ఉంది. 1996లో షావ్‌డాంగ్ వాంగ్ బృందం హీలా కణాల సారంలో కాస్పేస్‌ని మేల్కొలిపే పదార్థం ఏమిటా అని శుద్ధి చేసుకుంటూ పోతే చివరికి సైటోక్రోమ్ సి తేలింది. కణాల్ని పగలగొట్టేటప్పుడు మైటోకాండ్రియా నుంచి కారినదే అది. సుక్రోజ్ కలిపి మైటోకాండ్రియాని కాపాడుతూ సారం తీస్తే ఆ శక్తి తగ్గిపోయింది. వాళ్ళకి దారి చూపించిన కారుడే నీ 0 గంట లేన్‌లో ఉన్నది.

సుక్రోజ్ బఫర్‌లో ఇంకో ప్రమాదం ఉంది, అది దీనికి పూర్తిగా ఎదురు. సైటోక్రోమ్ సికి ధనావేశం ఎక్కువ, లోపలిపొరలో ఉండే కార్డియోలిపిన్‌కి రుణావేశం. ఉప్పు తక్కువైతే బయటిపొర తెరుచుకున్నా సైటోక్రోమ్ సి లోపలిపొరకి అంటుకునే ఉండిపోతుంది, విడుదల కాలేదని మనం పొరబడతాం. నేను పొటాషియం క్లోరైడ్ 150 మిల్లీమోలార్‌కి దగ్గరగా పెట్టుకుంటాను.

ప్రవల్లిక · మంగళవారం రాత్రి 9:05

మేడమ్, మిల్లీలీటరుకి 200 మైక్రోగ్రాములు, పది నిమిషాలు. పాత సీనియర్ నోట్‌బుక్‌లో ఉన్నది అలాగే వాడాను. కానీ సైటోసాల్‌లో కాక్స్-4 బ్యాండ్ లేదు కదా, అందుకే మైటోకాండ్రియా బాగుందనుకున్నాను.

సత్యవతి · మంగళవారం రాత్రి 9:30

కాక్స్-4 లోపలిపొరలో ఉంటుంది. బయటిపొర చిరిగినా అది కదలదు. నీకు ఆ లేన్‌లో సరైన సాక్షి సైటోక్రోమ్ సియే. 25, 50, 100 మోతాదులు, అయిదు నిమిషాలు ఐస్ మీద, మందు ఇవ్వని కణాలతో మాత్రమే చేసి చూడు. ట్రిపాన్ బ్లూ వేస్తే దాదాపు అన్ని కణాలూ నీలంగా మారాలి, సైటోసాల్‌లో సైటోక్రోమ్ సి ఉండకూడదు. ఈ రెండూ ఒకేసారి కుదిరిన అతి తక్కువ మోతాదు నీది. ఇంకో రకం కణాలకి అది పనికిరాదు, మళ్ళీ చూసుకోవాల్సిందే.

సుబ్బారావు గారూ, క్షమించండి, ఆలస్యమైంది. కిడ్నీల గురించి మీ అన్నయ్యగారి డాక్టర్ల జాగ్రత్త సరైనదే, కారణం మాత్రం సైటోక్రోమ్ సి కాదు. సీఎల్ఎల్ కణాలు ఒక్కసారిగా కోట్ల సంఖ్యలో చస్తే వాటిలోని పొటాషియం, ఫాస్ఫేట్ రక్తంలోకి వస్తాయి, వాటి డీఎన్ఏ అరిగి యూరిక్ యాసిడ్ అవుతుంది. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది, మిగతావి కిడ్నీలో పేరుకుంటాయి. అందుకే 20, 50, 100, 200, 400 అని మెట్లు, నీళ్ళు, రక్తపరీక్షలు.

ఒక్కసారిగా ఎందుకు చస్తాయన్నది ఇక్కడ అందరికీ పనికొచ్చే ప్రశ్న. నిండిన చెరువుని ఊహించుకోండి. నీళ్ళు బిమ్ అనే ప్రోటీన్, చావమని చెప్పేది. గట్టు బీసీఎల్-2. సీఎల్ఎల్ కణంలో బిమ్ చాలానే ఉంటుంది, కానీ బీసీఎల్-2 దాన్ని పట్టి ఉంచుతుంది. బిమ్ కూర్చునే గాడిలోనే వెనెటోక్లాక్స్ వెళ్ళి కూర్చుంటుంది. బిమ్ విడుదలవుతుంది, దాంతో బ్యాక్స్, బ్యాక్ అనే ప్రోటీన్లు ఒకదానితో ఒకటి చేరి మైటోకాండ్రియా బయటిపొరకి కన్నం పెడతాయి. తూము తెరవగానే ఊరి మీద పడేన్ని నీళ్ళు అక్కడ ముందే ఉన్నాయి. అదే మందు చాలా మామూలు కణాలకి ఇస్తే పెద్దగా ఏమీ కాదు. చెరువే నిండలేదు కనక.

కిరణ్_వరంగల్ · బుధవారం ఉదయం 7:45

బీసీఎల్-2 అంటే కణాలు విపరీతంగా పెరిగేలా చేసే క్యాన్సర్ జన్యువు కదా. దాన్ని ఆపితే పెరుగుదల ఆగాలి, చావు ఎందుకు?

సత్యవతి · బుధవారం ఉదయం 8:30

క్యాన్సర్ జన్యువన్నది సరే, పెరిగేలా చేయడం దాని పని కాదు. ఫోలిక్యులర్ లింఫోమాలో 14, 18 క్రోమోజోములు ముక్కలు మార్చుకున్న చోట అది దొరికింది. మొదట అందరూ నువ్వన్నట్టే అనుకున్నారు. 1988లో డేవిడ్ వాక్స్ బృందం, బతకడానికి కావలసిన పెరుగుదల కారకాన్ని తీసేసినా బీసీఎల్-2 ఉన్న కణాలు చావకుండా నిలబడ్డాయని చూపించింది. అవి విభజన చెందుతూ పోలేదు, బతికి కూర్చున్నాయి అంతే. చావకపోవడం కూడా క్యాన్సర్‌కి ఒక దారి అని తెలిసింది అక్కడే.

నాగమణి · బుధవారం ఉదయం 10:10

కిట్ కరపత్రం తీసి చదివాను. సత్యవతి గారు చెప్పినట్టే డీఈవీడీ అని ఉంది, రెండు కాస్పేస్‌లూ కోస్తాయని కింద చిన్న అక్షరాల్లో ఉంది. నా రిపోర్ట్‌లో వాక్యం మార్చాలి.

ఒక సందేహం. మేం వెనెటోక్లాక్స్‌ని ఎంసీఎఫ్-7 మీద కూడా వేశాం. ఒంటరిగా ఇస్తే దాదాపు ఏమీ కాలేదు. ఈ కణాల్లో బీసీఎల్-2 బాగానే ఉందని మా బ్లాట్‌లో కనబడింది. మరి తూము ఎందుకు తెరుచుకోలేదు?

సత్యవతి · బుధవారం మధ్యాహ్నం 12:50

గట్టు ఒక్కటే కాదు కనక. బీసీఎల్-ఎక్స్ఎల్, ఎంసీఎల్-1 కూడా బిమ్‌ని పట్టుకుంటాయి. వెనెటోక్లాక్స్ బీసీఎల్-2 గాడికే సరిపోతుంది. అక్కడ విడుదలైన బిమ్ పక్క గట్టులో చిక్కుకుంటుంది. ఎవరు ఎంత ఉన్నారని బ్లాట్‌లో చూస్తే సరిపోదు, బిమ్ ఎవరి చేతిలో ఉందో చూడాలి. బిమ్ యాంటీబాడీతో లాగి, దానితోపాటు ఏది వచ్చిందో చూడండి. మందు ఇచ్చాక బిమ్ బీసీఎల్-2ని వదిలి ఎంసీఎల్-1తో కనబడితే జవాబు దొరికినట్టే.

సీఎల్ఎల్‌లోనూ కొందరికి కొన్నేళ్ళకి మందు పనిచేయడం మానేస్తుంది. కొన్నిసార్లు బీసీఎల్-2 గాడిలోనే 101వ స్థానంలో గ్లైసీన్ పోయి వేలీన్ వచ్చి మందు సరిగా కూర్చోదు, కొన్నిసార్లు ఎంసీఎల్-1 లాంటి పక్క గట్లు పెరుగుతాయి. అన్ని గట్లూ ఒకేసారి తెంపుదామంటే ఒళ్ళు తట్టుకోదు. ముందు వచ్చిన నావిటోక్లాక్స్ బీసీఎల్-ఎక్స్ఎల్‌నీ ఆపేది. ప్లేట్‌లెట్‌లు బతికేది దాని మీదే. మందు వేసిన కొద్దిసేపటికే ప్లేట్‌లెట్‌లు పడిపోయేవి.

సుబ్బారావు_రాజమండ్రి · బుధవారం రాత్రి 7:15

చెరువు సంగతి మా వదినకి చదివి వినిపించానమ్మా. మా పొలం గోదావరి కాలవ కింద కనక ఆవిడకి వెంటనే అర్థమైంది. నిన్న 50 మిల్లీగ్రాముల మెట్టు ఎక్కారు, పొటాషియం మామూలుగానే ఉంది. ఆస్పత్రిలో ఇంత విడమర్చి చెప్పడానికి ఎవరికీ తీరిక దొరకలేదు.

ప్రవల్లిక · గురువారం రాత్రి 11:50

ఇప్పుడే బ్లాట్ ఫిల్మ్ చూసి వచ్చాను. జర్కాట్ లేన్‌లో 35 బ్యాండ్ నల్లగా ఉంది, మందు ఇచ్చిన జర్కాట్‌లో 17 వచ్చింది. అంటే యాంటీబాడీ బాగానే ఉంది. నా ఎంసీఎఫ్-7 నాలుగు లేన్లలో 35 దగ్గర శుభ్రంగా ఖాళీ. పార్ప్ 6 గంటలకి 89కి దిగడం మొదలైంది, 12కి సగానికి పైగా దిగింది. డిజిటోనిన్ 50 దగ్గర ట్రిపాన్ బ్లూ అన్ని కణాల్నీ పట్టింది, 0 గంట లేన్‌లో గీత పోయింది. 25 దగ్గర చాలా కణాలు తెరుచుకోలేదు.

రేపు ఇదే చూపిస్తాను. పోలికకి హీలా కణాల్ని కూడా పక్కన పెట్టుకుని మళ్ళీ మొదటి నుంచి చేస్తాను. ఒక ప్రశ్న మిగిలిపోయింది. కాస్పేస్-3 లేకుండా ఈ కణాల్ని చంపుతున్నది కాస్పేస్-7నా, లేక మైటోకాండ్రియా ఖాళీ అయిపోవడమేనా?

కిరణ్_వరంగల్ · శుక్రవారం ఉదయం 7:00

జడ్-వ్యాడ్ వేసి కాస్పేస్‌లన్నీ ఆపండి. కణాలు బతికితే చంపింది కాస్పేస్-7. ఇంతే కదా.

సత్యవతి · శుక్రవారం ఉదయం 8:10

బతికినట్టు కనబడటం వేరు, బతకడం వేరు కిరణ్. జడ్-వ్యాడ్ కాస్పేస్‌లని ఆపుతుంది కానీ బ్యాక్స్ పెట్టిన కన్నాన్ని పూడ్చదు. చాలా రకాల కణాల్లో మర్నాడు బాగున్నట్టే ఉంటుంది, శ్వాసక్రియ దెబ్బతిని రెండుమూడు రోజుల్లో చస్తాయి. అలాగని అన్నీ చావవు. సింపథెటిక్ న్యూరాన్లకి ఎన్‌జీఎఫ్ అనే పెరుగుదల కారకాన్ని తీసేసి కాస్పేస్‌లని ఆపి ఉంచితే, సైటోక్రోమ్ సి పోయాక కూడా కొంతకాలం నిలబడ్డాయి. ఎన్‌జీఎఫ్ తిరిగి ఇస్తే కోలుకున్నాయి. ఎంసీఎఫ్-7 ఎటువైపు పడుతుందో నీ మోతాదులో, నీ కణాలతో నువ్వే చూడాలి ప్రవల్లికా, నేను ముందే చెప్పలేను. 24 గంటల రీడింగ్ నమ్మకు. మందు కడిగేసి, పలచగా నాటి, పది పదిహేను రోజుల తర్వాత కాలనీలు లెక్కపెట్టు.

ప్రవల్లిక · శుక్రవారం సాయంత్రం 6:30

మీటింగ్ అయిపోయింది. మా గైడ్ జర్కాట్ లేన్ చూడగానే యాంటీబాడీ ఆర్డర్ ఆపేయమన్నారు. ఆరు వెల్‌ల ప్లేట్లు ఇందాకే పెట్టాను. మందు ఒక్కటే, జడ్-వ్యాడ్ ఒక్కటే, రెండూ కలిపి, ఏమీ లేనిది. వెల్‌కి 500 కణాలు. క్రిస్టల్ వయలెట్ పన్నెండో రోజున వేస్తాను, ఫోటో ఇక్కడే పెడతాను.